బుకింగ్ రికార్డులు బయటపడ్డాయి, గెస్టులకి నోటీసు రాయాలి, ఈ డ్రాఫ్ట్ సరిపోతుందా?

అరకు_కాటేజ్_మేనేజర్:
అందరికీ నమస్తే. అరకు దగ్గర 14 గదుల కాటేజీలు, ఓనర్ గారు వైజాగ్‌లో ఉంటారు, ఇక్కడ రోజువారీ పని నేను చూసుకుంటాను. ఆదివారం పొద్దున పాత గెస్ట్ ఒకాయన ఫోన్ చేసి, గూగుల్‌లో తన ఫోన్ నంబర్ కొట్టి చూస్తే మా వెబ్‌సైట్‌లోని ఒక ఫైల్ వచ్చిందని, అందులో తన పేరు, అడ్రస్, ఏ రోజు వచ్చాడు ఏ రోజు వెళ్ళాడు అన్నీ ఉన్నాయని చెప్పారు. చూస్తే నిజమే. 2025 మార్చిలో సైట్‌ని కొత్త హోస్టింగ్‌కి మార్చినప్పుడు, చేసినతను పాత సైట్ బ్యాకప్ మొత్తం ఒక ఫోల్డర్‌లో పెట్టి అలాగే వదిలేశాడు. దానికి పాస్‌వర్డ్ లేదు ఏమీ లేదు, లింక్ తెలిస్తే చాలు ఎవరైనా తెరవొచ్చు. వెంటనే ఆ ఫోల్డర్ బయటకి కనపడకుండా తీసేశాం. ఇప్పుడు గెస్టులకి చెప్పాలి కదా, ఓనర్ గారు చిన్నగా రాసి పంపేయమన్నారు, నేను రాసింది ఇది:

"ప్రియమైన అతిథులకు, మీ గోప్యత మాకు ఎంతో ముఖ్యం. కొన్ని సాంకేతిక కారణాల వల్ల పరిమిత సంఖ్యలో అతిథుల సమాచారం కొంత బయటకు కనిపించి ఉండవచ్చు. దుర్వినియోగం జరిగినట్టు ఎలాంటి ఆధారాలు లేవు. సమస్య పరిష్కరించబడింది. ఆందోళన చెందవలసిన అవసరం లేదు."

ఎలా ఉంది? ఏమైనా మార్చాలా?

గోదారిగాలి:
మేనేజర్ గారూ ఏమీ అనుకోకండి, నేను మీ గెస్ట్‌ని అనుకుని రెండుసార్లు చదివాను, నా ఆధార్ పోయిందో, ఫోన్ నంబర్ పోయిందో, అసలు ఏమైనా పోయిందో లేదో ఒక్క ముక్క అర్థం కాలేదు. "కొంత సమాచారం" అంటే ఏంటి అని 300 మంది ఫోన్ చేస్తారు మీకు, అదేదో ముందే రాసేస్తే పోలా.

లాగ్‌పిచ్చోడు:
నోటీసు తర్వాత, ముందు మీకే తెలియాల్సినవి మూడు ఉన్నాయి. ఆ ఫైళ్ళలో ఏ ఏ కాలమ్‌లు ఉన్నాయి, ఎప్పటినుంచి ఎప్పటిదాకా తెరిచి ఉంది, ఈలోపు ఎవరు దించుకున్నారు. మీ డ్రాఫ్ట్‌లో ఈ మూడింటికీ జవాబు లేదు, అందుకే అది పొగమంచులా ఉంది.

ఫోల్డర్ తీసేశాం అన్నారు, పూర్తిగా డిలీట్ చేశారా? చెయ్యకపోతే చెయ్యొద్దు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో తీసి పక్కన పెట్టండి, ఎందుకంటే రేపు ఎవరెవరి వివరాలు అందులో ఉన్నాయో చెప్పాలంటే ఆ ఫైలే ఆధారం. రెండోది సర్వర్ యాక్సెస్ లాగ్‌లు, ఇవి ఇవాళే దించండి. సీప్యానెల్ అయితే రా యాక్సెస్ అని ఉంటుంది. చాలా షేర్డ్ హోస్టింగ్‌లలో ఆ ఆర్కైవ్ ఆప్షన్ మనం ఆన్ చేసుకుంటే తప్ప పాతవి ఉండవు, ఉన్నా నెల మారగానే పోయే సెట్టింగ్ ఉంటుంది, అందుకే తొందర. దించాక, కింద మీ ఫోల్డర్ పేరు పెట్టి ఇలా వెతకండి:

```
zgrep "/old/backup/" *.gz | grep " 200 "
```

వచ్చిన ప్రతి లైన్‌లో 200 తర్వాత ఉండే అంకె ఎన్ని బైట్లు బయటకి వెళ్ళాయో చెప్తుంది. అది మీ ఫైల్ సైజుకి సమానంగా ఉంటే ఫైల్ మొత్తం వెళ్ళినట్టు (సర్వర్ కంప్రెస్ చేసి పంపితే తక్కువ చూపిస్తుంది, అది గుర్తుంచుకోండి). చివర్లో బ్రౌజర్ పేరు ఉంటుంది, గూగుల్‌బాట్ అని ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఆ పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. ఐపీ అడ్రస్‌కి `host` కమాండ్ కొడితే `googlebot.com` తో ముగిసే పేరు రావాలి, ఆ పేరుకి మళ్ళీ కొడితే అదే ఐపీ రావాలి.

సాయి_వెబ్‌డిజైన్స్:
బ్రో సింపుల్, `robots.txt` లో ఆ ఫోల్డర్‌ని డిస్అలౌ చేసేయండి, గూగుల్‌లోంచి పోతుంది. కార్డ్ నంబర్లు లేవుగా, సీవీవీ లేదుగా, మరి ఎందుకింత హడావుడి, హోటల్ రిజిస్టర్‌లో పేరూ ఊరూ ఎప్పుడూ రాస్తూనే ఉన్నాం కదా, కౌంటర్ దగ్గర ఎవరైనా చూడొచ్చు.

లాగ్‌పిచ్చోడు:
సాయి బ్రో, ఇక్కడ అది పనిచెయ్యదు, ఇంకా ఇబ్బంది. రోబోట్స్‌లో ఆపేస్తే గూగుల్ మళ్ళీ ఆ పేజీ దగ్గరికి రాదు, రాకపోతే ఫైల్ తీసేశారన్న సంగతి దానికి తెలీదు, లింక్ అలాగే వేలాడుతుంది. పైగా ఆ `robots.txt` ని ఎవరైనా చదవొచ్చు, దాచినది ఎక్కడుందో మనమే బోర్డు పెట్టి చెప్పినట్టు. ఫైల్ అడిగితే అది లేదని సర్వర్ చెప్పే కోడ్, 404 గానీ 410 గానీ రావాలి, తర్వాత సెర్చ్ కన్సోల్‌లో రిమూవల్స్ టూల్‌తో అడగాలి. ఆ టూల్ దాచేది సుమారు ఆరు నెలలే, ఈలోపు గూగుల్ వచ్చి 404 చూసుకుంటే శాశ్వతంగా పోతుంది. బింగ్‌కి వేరేగా అడగాలి. వేబ్యాక్ మెషీన్‌లో కూడా ఆ లింక్ కొట్టి చూడండి, అక్కడ కాపీ ఉంటే వాళ్ళకి మెయిల్ పెట్టి తీయించాలి.

రిజిస్టర్ మాట కూడా. కౌంటర్ దగ్గర రిజిస్టర్ చూసేవాడికి ఆ పేజీలో పది పేర్లు కనపడతాయి, వాడు అరకు దాకా రావాలి. ఇది ఇంట్లో కూర్చుని మొత్తం లిస్టు దించుకోవడం.

మణికొండ_శీను:
నాది కూడా సేమ్ ప్రాబ్లమ్ అన్నా. లాస్ట్ ఇయర్ ఒక రిసార్ట్‌లో బుక్ చేస్తే వానలని చెప్పి కాన్సిల్ చేసిన్రు, అడ్వాన్స్ 6,000 ఇంకా రాలే, ఫోన్ ఎత్తరు. నా బుకింగ్ రికార్డ్ వాళ్ళ దగ్గర ఉందా లేదా ఎట్ల తెల్వాలె?

గోదారిగాలి:
శీను గారూ అది రిఫండ్ గొడవ, ఇది వేరే. 1915కి ఫోన్ చేయండి, కన్స్యూమర్ హెల్ప్‌లైన్. ఇక్కడ అడ్వాన్స్ కాదు, ఆధార్‌లు పోయాయి.

అరకు_కాటేజ్_మేనేజర్:
ఆధార్‌లు పోయాయని నేను ఇంకా చెప్పనే లేదు, కానీ మీరన్నది నిజమే గోదారిగాలి గారూ. ఇవాళంతా కూర్చుని చూశాం, మా బావమరిది సాయం చేశాడు. ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా.

ఒక సీఎస్‌వీ ఫైల్, 2022 జనవరి నుంచి 2025 మార్చి దాకా 1,862 బుకింగ్‌లు. పేరు, ఫోన్, మెయిల్, ఇంటి అడ్రస్, చెకిన్ చెకౌట్ తేదీలు, రూమ్, ఎంతమంది, వెంట వచ్చినవాళ్ళ పేర్లు, కారు నంబర్, కట్టిన మొత్తం, యూపీఐ రిఫరెన్స్ నంబర్. కార్డ్ నంబర్లు లేవు, అవి గేట్‌వే దగ్గరే ఉంటాయి. పాస్‌వర్డ్‌లు లేవు, మా సైట్‌లో లాగిన్‌లే లేవు. పక్కన ఇంకో ఫోల్డర్‌లో 410 ఐడీ ఫోటోలు, ఆన్‌లైన్ చెకిన్ అని కొన్నాళ్ళు పెట్టాం, అప్పుడు గెస్టులు అప్‌లోడ్ చేసినవి. ఎక్కువ ఆధార్‌లు, కొన్ని డ్రైవింగ్ లైసెన్సులు, ఫారం సి కోసం తీసుకున్న విదేశీయుల పాస్‌పోర్టులు 23.

ఇంకొకటి ఉంది, ఇది నాకు నిన్నటిదాకా తట్టలేదు. చివర్లో రిమార్క్స్ అని కాలమ్. ఫ్రంట్ డెస్క్ కుర్రాళ్ళు అందులో ఏది తోస్తే అది రాశారు. "యానివర్సరీ కేక్", "షుగర్ పేషెంట్, ఉప్పు తక్కువ" లాంటివి సరే, కానీ "భార్య ఫోన్ చేస్తే చెప్పొద్దన్నారు", "అన్‌మ్యారీడ్ కపుల్, ఓనర్ ఓకే అన్నారు" ఇలాంటివి కూడా ఉన్నాయి. చదువుతుంటే చెమటలు పట్టాయి.

లాగ్‌లు 2025 డిసెంబర్ 1 నుంచి మాత్రమే ఉన్నాయి, అంతకుముందువి హోస్టింగ్‌లో లేవు, అడిగాం, రావన్నారు. ఉన్నంతలో గూగుల్, బింగ్ కాక ఫోన్ చేసిన గెస్ట్ ఒకరు, ఇంకా తెలియని రెండు ఐపీలు. అందులో ఒకటి ఫైల్ మొత్తం దించింది, ఇంకోటి డిసెంబర్ చివర్లో ఒక రాత్రి ఫైల్‌తో పాటు ఆ 410 ఫోటోలూ వరసగా కొన్ని నిమిషాల్లో లాగేసింది.

లాగ్‌పిచ్చోడు:
నిమిషాల్లో 410 అంటే మనిషి ఒక్కొక్కటీ నొక్కింది కాదు, స్క్రిప్ట్. ఇలా ఫోల్డర్‌లో ఫైళ్ళ లిస్టు కనపడే సైట్ల కోసం వెతుక్కుంటూ తిరిగేవాళ్ళు ఉంటారు, "ఇండెక్స్ ఆఫ్" అని గూగుల్‌లో కొడితే మీలాంటివాళ్ళు వందలమంది దొరుకుతారు. అవతలివాడు ఎవరో ఐపీని బట్టి మీకు తెలీదు, అది అద్దె సర్వరో వీపీఎన్నో అయి ఉంటుంది.

అంటే మీ డ్రాఫ్ట్‌లో "దుర్వినియోగం జరిగినట్టు ఆధారాలు లేవు" అన్న లైన్ ఇప్పుడు పెట్టలేరు. మార్చి నుంచి నవంబర్ దాకా చూడ్డానికి మీ దగ్గర లాగే లేదు, వెతకడానికి ఏమీ లేనప్పుడు ఏమీ దొరకలేదు అనడం చదివేవాడిని పక్కదారి పట్టించడమే. డిసెంబర్ తర్వాత చూస్తే దించుకున్నవాడు ఉన్నాడు. ఈ రెండూ విడివిడిగా రాయండి. "డిసెంబర్ 1కి ముందు ఎవరు తెరిచారో మాకు తెలీదు, రికార్డు లేదు. ఆ తర్వాత మాకు తెలియని ఇద్దరు దించుకున్నారు." అంతే.

కూకట్‌పల్లి_వకీల్:
నా మాట వినండి, ఇంత రాసి చేతికి ఇవ్వకండి. వ్యక్తిగత డేటా రక్షణకి తెచ్చిన డీపీడీపీ చట్టంలో గెస్టులకి చెప్పాలన్న సెక్షన్ ఇంకా అమల్లోకి రాలేదు, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ఆ భాగానికి 18 నెలలు టైమ్ ఇచ్చారు, అంటే 2027 మే దాకా లేదు. చట్టం అడగనిది మనమెందుకు రాసి కేసు కొనితెచ్చుకోవాలి. ఓనర్ గారు చిన్నగా రాయమన్నది కరెక్టే.

లాగ్‌పిచ్చోడు:
వకీల్ గారూ తేదీ మీరు చెప్పింది కరెక్టే, కానీ సగమే. కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ వాళ్ళ 2022 ఏప్రిల్ 28 ఆదేశాలు ఎప్పుడో అమల్లోకి వచ్చాయి. డేటా లీక్ ఆ లిస్టులో ఉంది, తెలిసిన ఆరు గంటల్లో వాళ్ళకి రిపోర్ట్ చెయ్యాలి, `incident@cert-in.org.in` కి మెయిల్. మేనేజర్ గారికి ఆదివారం తెలిసింది కాబట్టి ఆ గడువు దాటిపోయింది, అయినా ఇవాళ పంపండి, ఎందుకు ఆలస్యమైందో కూడా రాయండి. లాగ్‌లు 180 రోజులు దాచాలని కూడా అందులోనే ఉంది.

కూకట్‌పల్లి_వకీల్:
ఆ ఆదేశాలు బాడీ కార్పొరేట్‌కి సార్. 14 గదుల కాటేజీ సొంత వ్యాపారం, కంపెనీ కాదు.

లాగ్‌పిచ్చోడు:
ఐటీ చట్టం 43ఏ కింద బాడీ కార్పొరేట్ అంటే కంపెనీతో పాటు ఫర్మ్, సొంత యాజమాన్యం కూడా అని అక్కడే వివరణ ఉంది. ఆ వివరణ సర్ట్-ఇన్ ఆదేశాలకి కూడా వర్తిస్తుందా అంటే వాదించొచ్చు, అది మీ పని. కానీ ఒక మెయిల్ పెట్టడానికి కోర్టు దాకా వాదన ఎందుకు.

కూకట్‌పల్లి_వకీల్:
మెయిల్ సరే, పెట్టండి. గెస్టులకి మాత్రం నా సలహా అదే, తక్కువ రాయండి. మీరు ఒప్పుకోనంటే మీ ఇష్టం.

డల్లాస్_రమణి:
లాయర్లు ఎక్కడైనా అంతే అండీ. ఇక్కడ మాకు ఇలాంటి ఉత్తరాలు ఏడాదికి ఒకటైనా వస్తుంది. కాలిఫోర్నియాలో అయితే 2016 నుంచి చట్టమే హెడ్డింగులు ఇచ్చేసింది, ఏం జరిగింది, ఏ సమాచారం పోయింది, మేం ఏం చేస్తున్నాం, మీరు ఏం చెయ్యొచ్చు, ఎవరిని అడగాలి. కంపెనీ ఎంత నసిగినా రెండో హెడ్డింగ్ కింద ఏదో ఒకటి పేరు పెట్టి రాయక తప్పదు. మీ గెస్టులకి కూడా అదే వరసలో రాయండి.

ఇంకో సంగతి. మారియట్ వాళ్ళ స్టార్‌వుడ్ రిజర్వేషన్ల డేటా పోయింది కదా, 2018 నవంబర్ 30న బయటపెట్టారు. 2014 నుంచీ ఎవరో లోపల ఉన్నారట, మొదట 50 కోట్ల మంది దాకా అన్నారు, తర్వాత 38.3 కోట్ల రికార్డులు అన్నారు, 50 లక్షలకి పైగా పాస్‌పోర్ట్ నంబర్లు ఎన్‌క్రిప్ట్ చెయ్యకుండానే ఉన్నాయన్నారు. అయితే నేను చెప్పేది అది కాదు, గెస్టులకి నోటీసు మెయిల్ వాళ్ళ మామూలు అడ్రస్ నుంచి కాకుండా `email-marriott.com` అన్న వేరే డొమైన్ నుంచి పంపారు, అసలుదో దొంగదో జనానికి తెలియలేదు. మీరు మాత్రం బుకింగ్ కన్ఫర్మేషన్ ఏ అడ్రస్ నుంచి వెళ్ళిందో అక్కడి నుంచే పంపండి, అందులో లింకులు పెట్టకండి.

సాయి_వెబ్‌డిజైన్స్:
మెయిల్ ఎవరు చూస్తారు అక్కా, వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ పెట్టేయండి, ఐదు నిమిషాల పని.

విజయ_హోమ్‌స్టే:
సాయి, బ్రాడ్‌కాస్ట్ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది నాన్నా, రెండేళ్ళ కింద ఒక్క రాత్రి ఉన్నవాళ్ళు మన నంబర్ ఎందుకు ఉంచుకుంటారు. గ్రూప్ మాత్రం చచ్చినా పెట్టొద్దు, 1,800 మంది నంబర్లు ఒకళ్ళకొకళ్ళకి కనపడితే అది రెండో లీక్. బల్క్ ఎస్ఎంఎస్ అంటే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో టెంప్లేట్ అప్రూవ్ అవ్వాలి, మీ పాత టెంప్లేట్ బుకింగ్ కన్ఫర్మేషన్‌ది అయి ఉంటుంది, కొత్తది ఇవాళే పెట్టండి. ఓటీఏల ద్వారా వచ్చిన బుకింగ్‌లకి చాలావాటికి అసలు మెయిల్ ఉండదు, వాళ్ళు ఇచ్చిన మారు అడ్రస్ ఉంటుంది, స్టే అయిపోయిన కొన్నాళ్ళకి అది పనిచెయ్యదు, అందుకని వాళ్ళకి ఫోనే గతి. ఓటీఏకి కూడా చెప్పాలి, ఒప్పందంలో ఉంటుంది చూసుకోండి.

నాకు అసలు భయం వేరే మేనేజర్ గారూ. మీరు పెట్టిన ఆ రిమార్క్స్ చదివాక రెండు రోజుల నుంచి అదే ఆలోచిస్తున్నా. ఒక ఆవిడ తన ఫోన్‌తో బుక్ చేసి ఉంటుంది, ఇంట్లో చెప్పకుండా వచ్చి ఉంటుంది, ఫోన్ పిల్లల చేతిలోనో మొగుడి చేతిలోనో ఉంటుంది. మీ మెసేజ్‌లో "2023 డిసెంబర్‌లో మా కాటేజీలో మీ బస" అని ఉందనుకోండి, లీక్ చేసినవాడు చెయ్యని పని మీ నోటీసు చేసేస్తుంది. అందుకని మెసేజ్‌లో తేదీలు, రూమ్, ఎంతమంది వచ్చారు ఏమీ వద్దు. కాటేజీ పేరు, మీ పాత వివరాలు బయటపడ్డాయి, ఈ నంబర్‌కి ఫోన్ చేస్తే పూర్తిగా చెప్తాం అని అంతే. ఫోన్ చేసినవాళ్ళకి కూడా, ఆ బుకింగ్‌లో ఉన్న నంబర్ నుంచి చేస్తేనే వివరాలు చెప్పండి. "మా ఆయన పేరు మీద ఏముందో చెప్పండి" అని ఒకావిడ అడుగుతుంది చూడండి, చెప్పకూడదు.

గోదారిగాలి:
విజయక్కా కాటేజీ పేరు ఉన్నా దొరికిపోతారు కదా మరి.

విజయ_హోమ్‌స్టే:
అవును, అది తప్పించలేం. పేరు లేకుండా పంపితే మోసం మెసేజ్ అనుకుని తీసేస్తారు. ఆ రిమార్క్స్‌లో మరీ ఇబ్బందిగా ఉన్నవాళ్ళు ఎంతమంది, ఓ ముప్ఫై మంది ఉంటారా, వాళ్ళకి మెసేజ్ పంపకుండా మేనేజర్ గారే స్వయంగా ఫోన్ చేసి, ఎత్తింది వాళ్ళేనని రూఢి చేసుకుని చెప్పడం మేలు.

లాగ్‌పిచ్చోడు:
ఇది నాకు తట్టలేదు, విజయ గారి మాట వినండి. అయితే ఒకటి, రిమార్క్స్ సంగతి మిగతా అందరికీ కూడా నోటీసులో చెప్పాల్సిందే, "సిబ్బంది రాసుకున్న మాటలు" అని పేరు పెట్టి. అది వదిలేసి పేరు, ఫోన్ అని రాస్తే ఆ నోటీసులో ఉన్నవన్నీ నిజాలే అయినా మొత్తం అబద్ధం. దాన్ని పట్టుకుని డబ్బులడిగే ఫోన్ వస్తే గెస్ట్‌కి అది ఎక్కడినుంచి వచ్చిందో ముందే తెలిసి ఉండాలి.

మోసం ఏ రూపంలో వస్తుందో కూడా మీ ఫైల్‌ని బట్టే రాయండి. మామూలుగా హోటల్ లీకుల్లో రాబోయే బుకింగ్ ఉన్నవాళ్ళకి "అడ్వాన్స్ అందలేదు, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి" అని వస్తుంది. మీ ఫైల్ 2025 మార్చితో ఆగిపోయింది, అందరూ పాతవాళ్ళు, కాబట్టి "మీ పాత స్టేలో ఎక్కువ కట్టారు, రిఫండ్ ఉంది, లింక్ నొక్కండి" అన్నది వచ్చే అవకాశం ఎక్కువ. యూపీఐ రిఫరెన్స్ నంబర్ చదివి వినిపిస్తే ఎవరైనా నమ్ముతారు. ఆ నంబర్‌తో డబ్బు లాగలేరు, కానీ నమ్మించడానికి చాలు.

మణికొండ_శీను:
నాకు రిఫండ్ అని ఫోన్ వస్తే నేనైతే నమ్ముతుంటి అన్నా, నిజంగ రావాలె కదా నాకు 😅

సాయి_వెబ్‌డిజైన్స్:
ఆధార్ పోయినవాళ్ళు బయోమెట్రిక్ లాక్ పెట్టుకుంటే చాలు కదా, అదొక్కటి రాసేయండి.

లాగ్‌పిచ్చోడు:
లాక్ పెట్టుకోమని చెప్పండి, మంచిదే, ఆధార్ యాప్‌లో ఉంటుంది. కానీ అది ఆపేది వేలిముద్రతో జరిగేవాటిని. ఇక్కడ పోయింది కార్డు ఫోటో, దానితో చేసేది వేరు, ఆ ఫోటో ప్రింట్ తీసి ఎక్కడో అద్దెకో, సిమ్‌కో, లోన్ యాప్‌కో వాడటానికి చూస్తారు. అందుకని సంచార్ సాథీలో తమ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోమనండి, కొన్ని నెలలకోసారి సిబిల్ రిపోర్ట్ చూసుకోమనండి, తాము తీసుకోని లోన్ ఏదైనా కనపడుతుందేమో. ఆధార్ నంబర్ మార్చుకోవడం కుదరదు, ఆ మాట కూడా దాచకండి. పాస్‌పోర్టువాళ్ళు 23 మందికి వేరే మెయిల్ ఇంగ్లీషులో రాయండి, వాళ్ళ దేశంలో పాస్‌పోర్ట్ ఆఫీసుకి చెప్పి, మార్చుకోవాలా అక్కర్లేదా అని అడగమనండి.

అరకు_కాటేజ్_మేనేజర్:
అందరికీ చాలా థాంక్స్. సర్ట్-ఇన్‌కి మెయిల్ పెట్టాం, రిఫరెన్స్ నంబర్ వచ్చింది. ఓనర్ గారితో గంటసేపు గొడవ అయింది, "ఎందుకయ్యా మన పరువు మనమే తీసుకోవడం" అంటారు, దించినవాడు ఉన్నాడు, రేపు వాడే గెస్టులకి ఫోన్ చేస్తే అప్పుడు ఏం చెప్తాం అని అడిగితే ఒప్పుకున్నారు. మెయిల్‌కి కొత్త డ్రాఫ్ట్ ఇది, ఐడీ ఫోటో ఉన్నవాళ్ళకి ఒకటి, లేనివాళ్ళకి ఆ పేరా తీసేసి ఇంకోటి:

"నమస్తే. 2022 జనవరి, 2025 మార్చి మధ్య మా దగ్గర బుక్ చేసుకున్నవారి రికార్డులు మా వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరుచుకునేలా ఉండిపోయాయి. వాటిలో మీవి ఉన్నాయి. 2025 మార్చిలో సైట్ మార్చినప్పుడు బ్యాకప్‌ని తీసెయ్యకుండా వదిలేయడం వల్ల ఇది జరిగింది. తప్పు మాది. ఒక అతిథి చెప్పేదాకా మాకు తెలీదు, తెలిసిన రోజే తీసేశాం.

బయటపడినవి: మీ పేరు, ఫోన్ నంబర్, మెయిల్, అడ్రస్, వచ్చి వెళ్ళిన తేదీలు, మీతో వచ్చినవారి పేర్లు, వాహనం నంబర్, కట్టిన మొత్తం, యూపీఐ రిఫరెన్స్ నంబర్. మీ బుకింగ్ గురించి మా సిబ్బంది రాసుకున్న మాటలు కూడా అందులో ఉన్నాయి. మీ గురించి ఏం రాసి ఉందో అడిగితే చదివి చెప్తాం.

ఆన్‌లైన్ చెకిన్‌లో మీరు ఇచ్చిన గుర్తింపు కార్డు ఫోటో కూడా బయటపడింది.

కార్డ్ నంబర్లు, యూపీఐ పిన్, పాస్‌వర్డ్‌లు మా దగ్గర లేవు, కాబట్టి అవి పోలేదు.

2025 డిసెంబర్ 1 తర్వాత మాకు తెలియని ఇద్దరు ఈ రికార్డులు దించుకున్నారు. ఒకరు గుర్తింపు కార్డు ఫోటోలు కూడా తీసుకున్నారు. అంతకుముందు ఎవరు చూశారో చెప్పే రికార్డు మా దగ్గర లేదు.

మేము రిఫండ్ ఇస్తామని, డబ్బు కట్టమని ఎవరికీ ఫోన్ చెయ్యం, లింకులు పంపం. మీ బస వివరాలు చెప్పి ఎవరైనా డబ్బు అడిగినా, బెదిరించినా కట్టకండి, 1930కి ఫోన్ చేయండి, మాకూ చెప్పండి. దించుకున్న కాపీలను మేం వెనక్కి తేలేం."

డల్లాస్_రమణి:
బాగుంది అండీ, ఆఖరి వాక్యం ఏ కంపెనీ రాయదు. ఒక్కటే, ఎవరికి ఫోన్ చెయ్యాలో పేరు, నంబర్, టైమింగ్స్ లేవు. మా దగ్గర అది లేక జనం రిసెప్షన్‌కి చేస్తే "మాకేం తెలీదు" అన్నారు. ఫ్రంట్ డెస్క్ కుర్రాళ్ళకి కూడా ముందే చెప్పండి.

లాగ్‌పిచ్చోడు:
ఐడీ ఫోటో పేరాలో ఏం చెయ్యాలో రాయలేదు, సంచార్ సాథీ, బయోమెట్రిక్ లాక్, సిబిల్ అక్కడే పెట్టండి, అందరికీ కాదు, ఆ 410 ఫోటోలు ఎవరివో వాళ్ళకి. ఇక పాస్‌వర్డ్‌ల సంగతి, బ్యాకప్ మొత్తం అన్నారు కదా, అంటే సైట్ కాన్ఫిగ్ ఫైల్ కూడా అందులో ఉండాలి. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ గేట్‌వే కీ ఉంటాయి. అవి కొత్త సైట్‌లో కూడా అవే వాడుతున్నారా? వాడుతుంటే "అవి పోలేదు" అని రాసే ముందు కీలు మార్చి, గేట్‌వే వాళ్ళ దగ్గర ఆ నెలల్లో ఏమైనా తేడా ఉందేమో చూడండి. అప్పటిదాకా మెయిల్ ఆపండి.

అరకు_కాటేజ్_మేనేజర్:
అమ్మో. చూస్తాను.

అరకు_కాటేజ్_మేనేజర్:
డేటాబేస్ పాస్‌వర్డ్ వేరే, గేట్‌వే కీ మాత్రం అదే. రాత్రే మార్చాం. గేట్‌వే వాళ్ళు లాగ్ చూసి ఆ కీతో బయట నుంచి వచ్చినవేమీ లేవన్నారు, మెయిల్‌లో రాయించుకున్నాం. ఇవాళ పొద్దున విడివిడిగా మెయిల్స్ వెళ్ళాయి, రెండు వందలకి పైగా వెనక్కి వచ్చాయి, అవన్నీ ఓటీఏవి, విజయ గారు చెప్పినట్టే. ఎస్ఎంఎస్ టెంప్లేట్ ఇంకా అప్రూవ్ కాలేదు. ఆ ముప్ఫై మందిలో పద్దెనిమిది మందికి ఫోన్ చేశాను, ఒకాయన ఆ మాట తీసెయ్యమని బతిమాలాడు, మా దగ్గర తీసేశాం, దించుకున్నవాడి దగ్గర తీయలేం కదా అని చెప్పాల్సి వచ్చింది.

ఇంకో డౌట్. వెంట వచ్చినవాళ్ళ పేర్లు ఉన్నాయి, వాళ్ళ ఫోన్ నంబర్లు లేవు. బుక్ చేసినవాళ్ళకి చెప్తే వాళ్ళకీ చెప్పినట్టేనా?

విజయ_హోమ్‌స్టే:
కుటుంబం అయితే సరే. ఆఫీసు బ్యాచ్‌లు, స్నేహితులు అయితే బుక్ చేసినవాళ్ళు చెప్తారన్న నమ్మకం లేదు. కానీ వాళ్ళ నంబర్ కోసం మళ్ళీ మీరు వెతకడం, అడగడం, అదీ బాగోదు. "మీతో వచ్చినవారికి కూడా చెప్పండి" అని ఒక లైన్ పెట్టడం తప్ప నాకేం తోచట్లేదు.

కూకట్‌పల్లి_వకీల్:
ఆ లైన్ పెడితే ఆ భార్య ఫోన్ చేస్తే చెప్పొద్దన్న ఆయన కూడా చెప్పాల్సి వస్తుంది మరి.

లాగ్‌పిచ్చోడు:
ఎవరి పేర్లు ఉన్నాయో వాళ్ళకి చెప్పమంటున్నాం వకీల్ గారూ, లేనివాళ్ళకి కాదు. మేనేజర్ గారూ, ఐడీ ఫోటోల్లో వెంట వచ్చినవాళ్ళవి ఉన్నాయా, ఉంటే ఎన్ని? వాళ్ళని మాత్రం అలా వదలకూడదు, కార్డు మీద అడ్రస్ ఉంటుంది కాబట్టి పోస్టులో ఉత్తరం పంపొచ్చు. కవరు మీద కాటేజీ పేరు వెయ్యకండి.

అరకు_కాటేజ్_మేనేజర్:
లెక్కపెట్టి చెప్తాను సార్, ఫోటోలు ఒక్కొక్కటీ తెరిచి బుకింగ్ పేరుతో పోల్చాలి, ఇవాళ్టికి కాదు.